అద్దె ఒప్పందంలో ఉన్న అప్పు

విజయవాడ బందరు రోడ్డు మీద ఒక బట్టల కంపెనీ కొత్త దుకాణం తెరిచిందనుకుందాం. భవనం వేరొకరిది. అద్దె నెలకు లక్ష రూపాయలు. ఒప్పందం తొమ్మిదేళ్లకు, మూడేళ్లకోసారి అద్దె 15 శాతం పెరుగుతుంది. మొదటి మూడేళ్లు లాక్-ఇన్, అంటే ఆలోపు కంపెనీ ఖాళీ చేసినా ఆ గడువు అద్దె కట్టక తప్పదు. ఆ తర్వాత మూడు నెలల నోటీసు ఇచ్చి ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు. అద్దె సరిగ్గా కడుతున్నంత కాలం, తొమ్మిదేళ్ల లోపు ఖాళీ చేయమనే హక్కు యజమానికి మాత్రం లేదు. మన నగరాల్లో పెద్ద దుకాణాల ఒప్పందాలు చాలావరకు ఇలాగే ఉంటాయి.

ఈ ఒప్పందాన్ని కంపెనీ లెక్కల పుస్తకాల్లో ఎలా రాయాలి? 2019 మార్చి దాకా జవాబు తేలిక. అద్దె కట్టినప్పుడల్లా ఖర్చు రాసుకోవడం, అంతే. మున్ముందు కట్టాల్సిన అద్దెల ప్రస్తావన వార్షిక నివేదిక వెనక పేజీల్లో ఏదో ఒక నోట్సులో ఉండేది. ఆస్తులు, అప్పులు పక్కపక్కన కనిపించే బ్యాలెన్స్ షీటులో మాత్రం ఈ దుకాణం జాడ ఉండేది కాదు.

ఇందులో ఒక అన్యాయం ఉంది. పక్క వీధిలో ఇంకో కంపెనీ బ్యాంకు అప్పు తీసుకుని దుకాణం కొనుక్కుంది. దాని బ్యాలెన్స్ షీటులో భవనమూ కనిపిస్తుంది, అప్పూ కనిపిస్తుంది. అద్దెకు దిగిన కంపెనీ అప్పు లేనిదానిలా కనిపిస్తుంది. ఏటా చేతినుంచి పోయే డబ్బు ఇద్దరికీ ఇంచుమించు ఒకటే అయినా, వ్యాపారం దెబ్బతిన్న ఏడు ఇద్దరూ అది కట్టక తప్పకపోయినా, పుస్తకం చదివేవాడికి ఒకరు అప్పుల్లో ఉన్నట్టు, మరొకరు నిశ్చింతగా ఉన్నట్టు తోచేది. విమానయాన సంస్థల్లో ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపించేది. పదుల కొద్దీ విమానాలు నడుపుతున్న సంస్థ పుస్తకాల్లో విమానాలు లేకపోవచ్చు. ఎందుకంటే అవన్నీ అద్దెవి. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాల మండలికి అధ్యక్షుడిగా పనిచేసిన డేవిడ్ ట్వీడీ, ఏదో ఒక రోజు తానెక్కిన విమానం ఆ సంస్థ బ్యాలెన్స్ షీటులో కూడా ఉండాలన్నది తన కోరికని తరచూ చెప్పేవాడు.

ఆ కోరిక తీరింది. అంతర్జాతీయ మండలి 2016 జనవరిలో ఐఎఫ్ఆర్ఎస్ 16 అనే ప్రమాణం తెచ్చింది. దాని భారతీయ రూపం ఇండ్ ఏఎస్ 116, మన దగ్గర 2019 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ప్రధాన స్టాక్ ఎక్స్ఛేంజీల్లో నమోదైన కంపెనీలు, 250 కోట్ల రూపాయలు అంతకు మించి నికర విలువ ఉన్న కంపెనీలు, వాటి అనుబంధ సంస్థలు దీన్ని పాటించాలి. బ్యాంకుల సంగతి వేరు. వీధి చివరి కిరాణా కొట్టుకు, చిన్న ప్రైవేటు కంపెనీలకు ఇది వర్తించదు. వాళ్లు పాత పద్ధతిలోనే అద్దెను ఖర్చుగా రాసుకుంటారు. భవన యజమానికి కూడా దాదాపు ఏమీ మారలేదు. వచ్చిన అద్దెను ఆయన మునుపటిలాగే ఆదాయంగా చూపుతాడు. మార్పంతా అద్దెకున్నవారి పుస్తకాల్లోనే.

తాళం చేతికొచ్చిన రోజు

కొత్త ప్రమాణం ఒప్పందాన్ని చూసే తీరు ఇది. దుకాణం తాళం చేతికొచ్చిన రోజున కంపెనీకి రెండు విషయాలు ఒకేసారి జరుగుతాయి. ఒకటి, ఇన్నేళ్లపాటు ఆ స్థలాన్ని వాడుకునే హక్కు దొరికింది. భవనం తనది కాదు, కానీ అందులో వ్యాపారం చేసుకునే హక్కు తనది. ఆ హక్కుకు విలువ ఉంది కాబట్టి అది ఆస్తి. దీన్ని రైట్ ఆఫ్ యూజ్ అసెట్ అంటారు, మనం వినియోగ హక్కు అందాం. రెండోది, ఆ హక్కుకు బదులుగా ఇన్నేళ్లపాటు అద్దె కట్టాల్సిన బాధ్యత మెడకు చుట్టుకుంది. అది అప్పు. దీని పేరు లీజు లయబిలిటీ, లీజు అప్పు అనుకుంటే సరిపోతుంది. ఆ రోజున ఆస్తుల వైపు ఒక అంకె, అప్పుల వైపు అదే అంకె రాస్తారు. చేతినుంచి ఇంకా రూపాయి పోలేదు.

ఆ అంకె ఎంత? ముందు మూడేళ్ల లాక్-ఇన్ వరకే లెక్క వేసి చూద్దాం. అద్దె ఏడాదికి 12 లక్షలు, మూడేళ్లకు 36 లక్షలు. కానీ అప్పుగా రాయాల్సింది 36 లక్షలు కాదు. మూడేళ్ల తర్వాత ఇవ్వాల్సిన 12 లక్షలు ఈ రోజు ఇచ్చే 12 లక్షలతో సమానం కాదని డబ్బు వడ్డీకి తిప్పే ఎవరికైనా తెలుసు. నిజానికి అద్దె నెలనెలా కడతారు, లెక్క కూడా నెలవారీగానే వేస్తారు. అర్థమవడానికి మాత్రం ఏడాది చివర ఒక్కసారే కడుతున్నట్టు, వడ్డీ రేటు 10 శాతం అయినట్టు అనుకుందాం. ఏడాది తర్వాత 12 లక్షలు కావాలంటే ఈ రోజు 10,90,909 రూపాయలు వడ్డీకి వేస్తే చాలు. రెండేళ్ల తర్వాతి 12 లక్షలకు 9,91,735, మూడేళ్ల తర్వాతి 12 లక్షలకు 9,01,578. రూపాయి అటూ ఇటూగా ఈ మూడూ కలిపితే 29,84,222. ఈ వర్తమాన విలువే లీజు అప్పు. వినియోగ హక్కు ఆస్తి కూడా అంతే.

ఈ 10 శాతం ఎక్కడిదని అడగాలి. ఒప్పందంలో యజమాని ఏ వడ్డీ లెక్కన అద్దె నిర్ణయించాడో అద్దెదారుకు తెలిసే వీలుంటే ఆ రేటు వాడమంటుంది ప్రమాణం. దుకాణాల అద్దెలో అది తెలియడం అరుదు. అప్పుడు ఇంకో దారి చూపుతుంది. ఇదే కంపెనీ, ఇంతే విలువైన ఆస్తి సంపాదించడానికి, ఇంతే కాలానికి, ఇలాంటి హామీతో, ఈ రోజు అప్పు తెచ్చుకుంటే ఎంత వడ్డీ పడుతుందో ఆ రేటు తీసుకోవాలి. పరపతి బాగున్న కంపెనీకి ఈ రేటు తక్కువ కాబట్టి అదే అద్దెకు అప్పు అంకె పెద్దదవుతుంది. పరపతి లేని కంపెనీకి రేటు ఎక్కువ, అప్పు అంకె చిన్నది. చాలామందికి ఇది తలకిందులుగా తోస్తుంది. కానీ లెక్క అదే చెబుతుంది.

ఇక్కడి నుంచి ఆస్తి ఒక దారిన, అప్పు ఒక దారిన నడుస్తాయి. ఆస్తి మీద ఏటా తరుగుదల రాస్తారు. మూడేళ్లకు సమానంగా పంచితే ఏడాదికి 9,94,741. అప్పు మీద ఏటా వడ్డీ కలుపుతారు, కట్టిన అద్దె తీసేస్తారు. మొదటి ఏడు వడ్డీ 2,98,422. అది కలిపి, 12 లక్షల అద్దె తీసేస్తే మిగిలే అప్పు 20,82,644. రెండో ఏడు వడ్డీ 2,08,264, మిగిలే అప్పు 10,90,908. మూడో ఏడు వడ్డీ 1,09,091, ఆ ఏటి అద్దెతో అప్పు తీరిపోతుంది.

| ఏడు | తరుగుదల | వడ్డీ | మొత్తం ఖర్చు | కట్టిన అద్దె |
|---|---|---|---|---|
| 1 | 9,94,741 | 2,98,422 | 12,93,163 | 12,00,000 |
| 2 | 9,94,741 | 2,08,264 | 12,03,005 | 12,00,000 |
| 3 | 9,94,741 | 1,09,091 | 11,03,832 | 12,00,000 |

లాభనష్టాల ఖాతాలో అద్దె అన్న పద్దు మాయమైంది. దాని చోట తరుగుదల, వడ్డీ వచ్చాయి. మూడేళ్ల మొత్తం ఖర్చు 36 లక్షలే, కట్టిన అద్దెకు రూపాయి ఎక్కువ లేదు, తక్కువ లేదు. అయితే ఆ ఖర్చు ఏడేడుకూ సమానంగా పడలేదు. మొదటి ఏడు 12.93 లక్షలు, చివరి ఏడు 11.04 లక్షలు. ఇంటి అప్పు కట్టేవారికి ఇది కొత్త కాదు. మొదటి వాయిదాల్లో వడ్డీ భాగం పెద్దది, చివరి వాయిదాల్లో చిన్నది.

ఈ పట్టికలో అకౌంటెంట్లు తప్పులు పట్టుకోవడానికి వాడే ఒక కిటుకు కూడా ఉంది. మొదటి ఏడు చివర ఆస్తి 19,89,481, అప్పు 20,82,644. తేడా 93,163. ఆ ఏడు పుస్తకాల్లో రాసిన ఖర్చు కట్టిన అద్దె కంటే ఎంత ఎక్కువో చూడండి: 12,93,163లో 12 లక్షలు పోతే అదే 93,163. అడ్వాన్సు, బ్రోకరేజీ వంటి కలుపుకోళ్లు లేని ఒప్పందంలో, ఏ ఏడు చివర చూసినా ఆస్తికీ అప్పుకీ మధ్య తేడా, అప్పటిదాకా అదనంగా రాసిన ఖర్చుకు సమానంగా ఉండి తీరాలి. లేదంటే ఎక్కడో ఒక వాయిదా తప్పిపోయింది, లేదా అద్దె పెరిగిన తేదీ పొరబాటున పడింది.

ఎన్నేళ్లు అన్నదే అసలు ప్రశ్న

ఇప్పటిదాకా చెప్పింది కాలిక్యులేటరు చేసే పని. మనిషి తీర్పు అవసరమయ్యేది లీజు కాలం దగ్గర. లాక్-ఇన్ మూడేళ్లు కాబట్టి మూడేళ్లే అనుకుని మనం లెక్క వేశాం. ఈ కాగితం చూసిన ఆడిటరు మొదట అడిగేది అంకెల గురించి కాదు.

"దుకాణం లోపలి పనులకు ఎంత పెట్టారండీ?"

"నలభై అయిదు లక్షలు సార్. ఫాల్స్ సీలింగు, లైట్లు, ట్రయల్ రూములు, ఏసీ, అన్నీ."

"మూడేళ్లకు ఖాళీ చేసి అవన్నీ వదిలేసి వెళ్లే ఉద్దేశం ఉందా?"

"అబ్బే, పెట్టింది రాబట్టుకోవడానికే అయిదారేళ్లు పడుతుంది."

ఈ మాటతో మూడేళ్ల లెక్క కొట్టుకుపోయినట్టే. ప్రమాణం ప్రకారం లీజు కాలం అంటే ఖాళీ చేసే వీల్లేని కాలం, దాని మీద అద్దెదారు కొనసాగడం సహేతుకంగా ఖాయమని చెప్పగల కాలం. ఒప్పందం కొనసాగించే హక్కు అద్దెదారు చేతిలో ఉంటే, ఆ హక్కును వాడుకోవడానికి ఆర్థికంగా బలమైన కారణం ఉందా అని చూడాలి. లోపలి పనులకు పెట్టిన డబ్బు, ఆ చోటు వ్యాపారానికి ఎంత కీలకం, అద్దె మార్కెట్ రేటు కంటే తక్కువా ఎక్కువా, ఇంకోచోటికి మారితే అయ్యే ఖర్చు, ఇదివరకు ఇలాంటి దుకాణాలను ఈ కంపెనీ ఎన్నేళ్లు ఉంచుకుంది అన్నవన్నీ ఇందులోకి వస్తాయి. కంపెనీ తన లోపలి పనుల తరుగుదలను తొమ్మిదేళ్లకు పంచుతూ, లీజు కాలం మాత్రం మూడేళ్లని చెబితే ఆ రెండూ పొసగవు. అంతర్జాతీయ వివరణల కమిటీ 2019 నవంబరులో ఈ సంగతినే స్పష్టం చేసింది. ఒప్పందంలో జరిమానా అని రాసి ఉన్న మొత్తాన్నే కాదు, వెళ్లిపోతే నష్టపోయే పెట్టుబడిని కూడా లెక్కలోకి తీసుకోవాలంది.

సరే, తొమ్మిదేళ్లూ ఉంటామని తేలింది. మొదటి మూడేళ్లు ఏటా 12 లక్షలు, తర్వాతి మూడేళ్లు 13.80 లక్షలు, ఆఖరి మూడేళ్లు 15.87 లక్షలు. పెరుగుదల ఒప్పందంలో ముందే ఖాయంగా రాసి ఉంది కాబట్టి మొదటి రోజే లెక్కలోకి రావాలి. అదే 10 శాతంతో వర్తమాన విలువ కడితే 77.90 లక్షలు. అదే దుకాణం, అదే కాగితం. మూడేళ్లంటే అప్పు 29.84 లక్షలు, తొమ్మిదేళ్లంటే 77.90 లక్షలు. వడ్డీ రేటును ఒక శాతం అటూ ఇటూ జరిపినా ఇంత తేడా రాదు. ఒక కంపెనీ లీజు అంకెలను మరో కంపెనీతో పోల్చేవారు మొట్టమొదట చూడవలసింది ఈ కాలం గురించిన అంచనానే అని నా గట్టి నమ్మకం. వార్షిక నివేదికలో ముఖ్యమైన తీర్పులు, అంచనాలు అన్న శీర్షిక కింద అది ఉంటుంది. చాలా కంపెనీలు అక్కడ ప్రమాణంలోని వాక్యాన్నే దించేసి సరిపెట్టడం పాఠకుడికి చేసే అపచారం.

తొమ్మిదేళ్ల లెక్కలో మొదటి ఏడు ఖర్చు కూడా చూడాలి. తరుగుదల 8.66 లక్షలు, వడ్డీ 7.79 లక్షలు, మొత్తం 16.45 లక్షలు. చేతినుంచి పోయింది 12 లక్షలే. ఒప్పందం ఎంత పొడవైతే, అద్దె పెంపు ఎంత ఎక్కువైతే మొదటి ఏళ్ల మీద బరువు అంత పెరుగుతుంది. వేగంగా కొత్త దుకాణాలు తెరుస్తున్న కంపెనీకి దాదాపు అన్ని ఒప్పందాలూ మొదటి ఏళ్లలోనే ఉంటాయి. అందువల్ల దాని లాభం నగదు చెప్పేదానికంటే తక్కువగా కనిపిస్తుంది. ఎదుగుదల ఆగి, పాత ఒప్పందాలూ కొత్తవీ సమంగా ఉన్న కంపెనీలో ఇవి ఒకదానికొకటి సర్దుకుంటాయి.

మన వ్యాపారాల్లో పదకొండు నెలల ఒప్పందం ఇక్కడే చిక్కు తెస్తుంది. ఏడాది మించిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టరు చేయించాలి కాబట్టి, ఆ ఖర్చు తప్పించుకోవడానికి పదకొండు నెలలకు రాసుకుని ఏటా పొడిగించుకోవడం మనకు అలవాటు. పన్నెండు నెలలు అంతకు లోపు కాలం ఉన్న లీజుల్లో, చివర ఆస్తిని కొనుక్కునే హక్కు లేకపోతే, ఈ ఆస్తి-అప్పు లెక్క అవసరం లేదని, అద్దెను ఖర్చుగా రాసుకోవచ్చని ప్రమాణం వెసులుబాటు ఇచ్చింది. అలాగని కాగితం మీద పదకొండు నెలలు ఉంటే చాలదు. పొడిగించుకునే హక్కు అద్దెదారు చేతిలో ఉండి, అతను పొడిగించుకోవడం ఖాయమైతే అది స్వల్పకాల లీజు కాదు. పొడిగింపుకు యజమాని కూడా ఒప్పుకోవాల్సి ఉండి, ఇద్దరిలో ఎవరు విడిపోయినా పెద్దగా నష్టం లేకపోతేనే పదకొండు నెలలు నిజంగా పదకొండు నెలలు. అదే గోడౌన్‌లో పదిహేనేళ్లుగా ఉంటూ, లోపల శీతల గదులు కట్టుకుని, ఏటా స్వల్పకాల లీజు ఖర్చు అని పెద్ద మొత్తం చూపే కంపెనీని ఆ ప్రశ్న అడగాల్సిందే.

ఏది లోపల, ఏది బయట

లీజు అప్పులోకి అన్ని చెల్లింపులూ రావు. మాల్‌లో దుకాణం ఉదాహరణ చూడండి. అక్కడి ఒప్పందాల్లో కనీస అద్దె ఒకటి ఉంటుంది, అమ్మకాల్లో కొంత శాతం ఒకటి ఉంటుంది, రెంటిలో ఏది ఎక్కువైతే అది కట్టాలి. కనీస అద్దె ఎలాగూ తప్పదు, కాబట్టి అది అప్పులోకి వస్తుంది. అమ్మకాలు బాగుంటే కట్టే అదనం మాత్రం రాదు. అది కట్టాల్సి వచ్చినప్పుడే ఖర్చు. కనీస అద్దె అసలే లేకుండా మొత్తం అమ్మకాల శాతం మీదే నడిచే దుకాణానికి లీజు అప్పు సున్నా. పక్కపక్కనే ఉన్న రెండు దుకాణాలు ఏడాది చివర సమానంగా అద్దె కట్టినా, ఒకదానికి కోటి అప్పు, రెండోదానికి సున్నా కనిపించవచ్చు. ఇది లోపం కాదు. మొదటి దుకాణం అమ్మకాలు పడిపోయినా కట్టి తీరాలి, రెండోది కట్టక్కర్లేదు. అప్పు అంటే ఆ తప్పనిసరితనమే.

కామన్ ఏరియా నిర్వహణ చార్జీలు సెక్యూరిటీ, లిఫ్టు, శుభ్రత వంటి సేవలకు ఇచ్చేవి. వాటిని విడదీసి ఖర్చు రాయడం మామూలు పద్ధతి. విడదీయకుండా కలిపేసుకునే వీలు కూడా ఉంది, అలా చేస్తే అప్పు అంకె పెరుగుతుంది. ఇన్‌పుట్ క్రెడిట్ దొరికే జీఎస్టీ ఇందులో కలవకూడదు. కొత్తగా ఈ లెక్క చేసేవారు చలానాలో ఉన్న మొత్తాన్ని అలాగే తీసుకుని జీఎస్టీని కూడా అప్పులో కలిపేయడం తరచూ జరిగే తప్పు. మరో తప్పు తేదీది. లోపలి పనులు చేసుకోవడానికి యజమాని రెండు మూడు నెలలు అద్దె లేకుండా ఇస్తాడు. లెక్క మొదలవాల్సింది అద్దె మొదలైన రోజున కాదు, స్థలం చేతికి అప్పగించిన రోజున. ఆ అద్దె లేని నెలల్లో కూడా తరుగుదల, వడ్డీ నడుస్తూనే ఉంటాయి.

అడ్వాన్సు సంగతి కాస్త ఆగి చూడదగ్గది. మన దుకాణానికి ఆరు నెలల అద్దె, అంటే ఆరు లక్షలు అడ్వాన్సు ఇచ్చారు. తొమ్మిదేళ్ల తర్వాత వడ్డీ లేకుండా తిరిగి వస్తుంది. యజమాని ఇదే డబ్బు బయట తెచ్చుకుంటే 8 శాతం వడ్డీ పడేదనుకుందాం. ఆ లెక్కన తొమ్మిదేళ్ల తర్వాత వచ్చే ఆరు లక్షలకు ఈ రోజు విలువ దాదాపు సగం, మూడు లక్షలు. మిగతా మూడు లక్షలు యజమానికి వడ్డీ రూపంలో వదులుకున్నవి. వేరే మాటల్లో చెబితే ముందుగా ఇచ్చేసిన అద్దె. కాబట్టి అవి వినియోగ హక్కు ఆస్తిలో కలుస్తాయి. బ్రోకరుకు ఇచ్చిన లక్ష కూడా ఈ ఒప్పందం కోసమే అయిన ఖర్చు కాబట్టి ఆస్తిలోనే కలుస్తుంది. ఇప్పుడు ఆస్తి 81.90 లక్షలు, అప్పు 77.90 లక్షలు. మొదటి రోజే ఆస్తి, అప్పు వేరువేరు అంకెలుగా ఉంటే కంగారు పడనక్కర్లేదు, తేడా ఇలాంటి వాటిదే. ఖాళీ చేసేటప్పుడు గోడలు కూల్చి స్థలాన్ని పూర్వస్థితికి తేవాలని ఒప్పందంలో ఉంటే, ఆ ఖర్చు అంచనా కూడా ఆస్తిలో చేరుతుంది.

లాప్‌టాప్‌లు, కుర్చీలు, వాటర్ ప్యూరిఫయర్లు వంటి చిన్న వస్తువుల అద్దెను ఈ లెక్కలోకి తేనక్కర్లేదు. కొత్తగా ఉన్నప్పుడు అయిదు వేల డాలర్ల స్థాయికి మించని వస్తువులని అంతర్జాతీయ మండలి తన ఆలోచనగా చెప్పింది. అలాగే, మీ సరుకును గోడౌన్ నిర్వాహకుడు తన ఇష్టం వచ్చినప్పుడు, తనకు లాభమైతే, ఒక గది నుంచి మరో గదికి మార్చగలిగితే అది అసలు లీజే కాదు, నిల్వ సేవ. ఫలానా గది మీది అని చెప్పగలగాలి, దాన్ని ఎలా వాడాలో మీరు నిర్ణయించగలగాలి.

నివేదిక చదివేటప్పుడు

షేర్లు కొనేవారికి ఈ మార్పు ఎక్కువగా తగిలేది ఎబిట్డా దగ్గర. వడ్డీ, పన్ను, తరుగుదలలకు ముందు లాభం అది. మన దుకాణం అద్దెకు ముందు ఏడాదికి 20 లక్షలు సంపాదిస్తుందనుకుంటే, పాత పద్ధతిలో అద్దె తీసేశాక ఎబిట్డా 8 లక్షలు. కొత్త పద్ధతిలో అద్దె అనే పద్దే లేదు, దాని చోట వచ్చిన తరుగుదల, వడ్డీ రెండూ ఎబిట్డాకు కింద ఉంటాయి. కాబట్టి ఎబిట్డా 20 లక్షలు. కౌంటరులో అమ్మకం ఒక్క చీర కూడా పెరగలేదు. నగదు ప్రవాహ పట్టికలోనూ ఇదే. ఇదివరకు వ్యాపార నిర్వహణ కింద కనిపించిన అద్దె ఇప్పుడు అప్పు తీర్చడం, వడ్డీ కట్టడంగా ఫైనాన్సింగ్ భాగంలోకి వెళ్లిపోయింది. వ్యాపారం బోలెడు నగదు తెస్తున్నట్టు కనిపిస్తుంది. దుకాణాల గొలుసు నడిపే కంపెనీని చూసేటప్పుడు ఆ నగదులోంచి లీజు చెల్లింపులను మనమే తీసేసి చూసుకోవడం మంచిది. ఆ అంకె అదే పట్టికలో కొంచెం కింద దొరుకుతుంది.

విమానయాన సంస్థల్లో ఇంకో మెలిక. వాటి విమానాల అద్దెలు ఎక్కువగా డాలర్లలో ఉంటాయి. లీజు అప్పును ప్రతి మూడు నెలలకూ ఆనాటి డాలరు ధరతో తిరిగి లెక్కిస్తారు. వినియోగ హక్కు ఆస్తి మాత్రం మొదటి రోజు రూపాయల్లో రాసిన అంకె మీదే నిలిచిపోతుంది. రూపాయి పడిన త్రైమాసికంలో ఒక్క సీటు ఖాళీ లేకుండా నడిచినా వందల కోట్ల నష్టం కనిపించవచ్చు.

ఆదాయపు పన్ను లెక్కలో మన దుకాణం వంటి మామూలు అద్దెకు ఈ ఆస్తి, అప్పు ఏవీ రావు. అక్కడ అసలు అద్దే ఖర్చు. పుస్తకాల్లో 16.45 లక్షల ఖర్చు, పన్ను లెక్కలో 12 లక్షలు. ఆ తేడా ముందు ముందు సర్దుకుంటుంది కాబట్టి దాని మీద పన్నును వాయిదా పన్నుగా పక్కన రాస్తారు. అద్దె మీద టీడీఎస్ కూడా మునుపటిలాగే.

చివరిగా, అనుకున్నది తప్పితే ఏమవుతుంది? తొమ్మిదేళ్లు ఉంటామన్న కంపెనీ వ్యాపారం సాగక, మూడో ఏడు ముగిసే రోజునే ఖాళీ చేసిందనుకుందాం. నోటీసు నెలలు, అడ్వాన్సు, బ్రోకరేజీ లెక్కలు పక్కన పెడదాం. ఆ రోజుకు మిగిలిన లీజు అప్పు 63.97 లక్షలు. మిగిలిన వినియోగ హక్కు 77.90 లక్షల్లో మూడింట రెండు వంతులు, అంటే 51.94 లక్షలు. రెండూ పుస్తకాల్లోంచి తుడిచేస్తారు. ఆస్తి కంటే పోయిన అప్పు ఎక్కువ కాబట్టి 12.03 లక్షలు లాభంగా కనిపిస్తుంది. మూతపడిన దుకాణం మీద లాభమేమిటని ఆశ్చర్యపోనక్కర్లేదు. మొదటి మూడేళ్లలో కట్టిన అద్దె కంటే ఎక్కువ రాసిన ఖర్చే ఇప్పుడు వెనక్కి వచ్చింది. ఈ లాభం పక్కనే ఇంకో పద్దు చూడాలి. 45 లక్షల లోపలి పనుల్లో మూడేళ్లకు 15 లక్షలు తరిగాయి, మిగతా 30 లక్షలు గోడలతో పాటు అక్కడే వదిలేశారు. అది నష్టం. రెండూ కలిపితే దుకాణం మూతకు కంపెనీ చెల్లించిన ధర 17.97 లక్షలు. మూడేళ్లే ఉంటామని మొదటి రోజునే రాసుకుని ఉంటే, లోపలి పనులను కూడా మూడేళ్లలోనే తరిగించాల్సి వచ్చేది. అప్పుడు ఈ నష్టం ఆఖరి రోజున ఒక్కసారిగా కాక, మూడేళ్ల ఖర్చుల్లోనూ ముందే కనిపించేది.